వేలు తీయని జతి

పద్యం రాసేవాడికి కొంచెం పొగరుంటుంది. నాకూ ఉంది. జనగామ కాలేజీలో ఏండ్ల తరబడి తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆ పొగరును పెళ్ళిపత్రికల మీదా, సన్మానపత్రాల మీదా ఖర్చుపెడుతూ కూర్చున్నాను. ఎవరో వస్తారు, మా మామకు షష్టిపూర్తి, ఓ నాలుగు కందాలు కావాలంటారు. రాసి ఇస్తాను. శాలువా కప్పుతారు. ఇంట్లో శాలువాలు పెరిగిపోయి మా ఆవిడ వాటిని ఎవరికి అంటగట్టాలా అని చూస్తుండేది.

అట్లాంటి రోజుల్లో మా ఆవిడ చెల్లెలు భూపాలపల్లి నుంచి ఫోన్ చేసింది. ఆమె భర్తది బొగ్గుబాయిలో ఉద్యోగం. క్వార్టర్ల మధ్య ఉన్న కమ్యూనిటీ హాలులో తను కూచిపూడి నేర్పుతుంది. షిఫ్టులను బట్టి అక్కడ తరగతి వేళలు మారుతుంటాయి. తండ్రి రెండో షిఫ్టుకు పోతే పిల్లను దింపేవాళ్ళుండరు కాబట్టి ఆ వారం ఆ పిల్లకు పొద్దున్నే పాఠం.

"బావా, జర ఒక పని ఉన్నది. మీ పద్యాలు శాలువాలకే గాదు, కాళ్ళకు గూడ పనికొస్తయేమో చూద్దాం" అన్నది.

మరదలి నోటికి మొదటినుంచీ అడ్డూ అదుపూ లేదు. తరంగం పద్ధతిలో ఒక నృత్యనాటకం కావాలట. వెన్నదొంగ మన్ను తిన్న కథ. నోట్లో తల్లి లోకాలన్నీ చూసే ఘట్టం వరకు. ఒక పద్యం, ఒక పాట, పాట వెనకాల ఒక జతి. మళ్ళీ పద్యం, పాట, జతి. ఇట్లా ఏడు. జతి అంటే అర్థం లేని అక్షరాల వరస, తకిట, తకధిమి అని. మద్దెల మాట్లాడే భాష. పాట అయిపోయిన చోట మాటలు ఆగిపోయి ఆ అక్షరాలకు కాళ్ళు ఆడతాయి.

"మాటలు నేను రాస్తాను. ఆ తకతకలు మీ మద్దెలాయన చూసుకుంటాడు" అన్నాను.

"రెండు ఒక్క చేతనే రావాలె. పాట ఎక్కడ ఆగిందో తెల్వనోడు జతి రాస్తే అతుకేసిన చీర లెక్కుంటది" అన్నది.

ఈ నాటకం మీద ఇంకొకరి బతుకు ఆధారపడి ఉందని తర్వాత చెప్పింది. తల్లి వేషం కట్టేది ఆమె శిష్యురాలు. మరిపెడ దగ్గర ఒక తండా పిల్ల. చిన్నప్పుడు భూపాలపల్లిలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటూ నాట్యం మొదలుపెట్టింది. ఇప్పుడు మహబూబాబాదులో డిగ్రీ అయిపోయింది. మా మరదలి దగ్గర ఒక కట్టుబాటుంది. ఒక తరంగాన్ని మొదటినుంచి చివరిదాకా తాళం తప్పకుండా మోసినవాళ్ళకే సొంతంగా తరగతి పెట్టుకునే అనుమతి. మహబూబాబాదులో, అదే మానుకోటలో, నేర్పేవాళ్ళు కావాలని అడుగుతున్నారు, చోటు కూడా చూశారు. ఈ పిల్ల నాటకం నిలబెడితే ఆ తరగతి ఆమెది. లేకపోతే హైదరాబాదు. అక్కడ కట్టుబడి పనిలో ఉన్న తండ్రి బట్టల దుకాణంలో ఒక ఉద్యోగం మాట్లాడి పెట్టి, ఎప్పుడొస్తావని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

నేను రాయడం మొదలుపెట్టాను. ఈ ఘట్టం మీద పెద్దలు రాసినవి ఉన్నాయి కదా, ఆ భయంతో కాబోలు మొదటి పాటను సమాసాలతో నింపేశాను. నాకైతే నచ్చింది. భూపాలపల్లి పోయి చదివి వినిపించాను. మరదలు కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత లేచి నిలబడి, "ఇంకోసారి చదవండి బావా" అని చేతులతో ముద్రలు పట్టబోయింది. రెండో పాదం సగంలోనే చేతులు దించేసింది.

"ఒక్కో మాటకు ఒక చెయ్యి పట్టాలె. మీరు నాలుగు మాటలు కలిపి ఒక్క మూటగట్టిన్రు. మూట విప్పేలోపల పాట దాటిపోతున్నది. నా పిల్లకు ఊపిరాడేటట్టు రాయండి."

కోపం వచ్చింది. మా ఆవిడ చెల్లెలు కాబట్టి మింగాను. కానీ ఆమె చెప్పిన పద్ధతిలో కూర్చుంటే విషయం అర్థమైంది. నాట్యం కోసం రాసే పాటలో పల్లవి మొదట్లోనే పని ఉండాలి. పిలవడమో, అడగడమో, దొరకబట్టడమో. పాదం చివర దీర్ఘం ఉండాలి. ఆ దీర్ఘాన్ని గాయకురాలు సాగదీస్తుంటే ఆడేవాళ్ళు ఆ మాటను రెండు మూడు రకాలుగా చూపిస్తారు. వెన్న అన్న మాట వస్తే ఒకసారి చిలకడం, ఒకసారి దాచడం, ఒకసారి దొంగిలించడం. మాట అదే, చేతులు మారతాయి. అందుకే మాట చిన్నదిగా ఉండాలి, చుట్టూ ఖాళీ ఉండాలి. మన్ను తిన్న పాట పల్లవి చివరికి ఇట్లా నిలిచింది:

మన్ను తింటివేమిరా, నా చిన్ని తండ్రీ
వెన్న లేదనా ఇంట, నోరు తెరువరా

చదివితే ఇందులో ఏమీ లేదు. మా కాలేజీలో ఎవరైనా రాసి తెస్తే ఇంకొంచెం శ్రమపడు నాయనా అని ఉండేవాణ్ణి. పాడగా, ఆడగా చూసినప్పుడు మాత్రం దీనికి ఇంకొక మాట చేరిస్తే బరువవుతుందని తెలిసింది.

పాటలు అట్లా దారిన పడ్డాయి. జతుల దగ్గర నా పొగరు మళ్ళీ తల ఎత్తింది. గణాలు, మాత్రలు నాకు కొత్త కాదు కదా. వెన్న దొంగతనం పాట ఆదితాళంలో ఉంది. ఒక ఆవృత్తానికి ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు, మొత్తం ముప్పై రెండు. జతి ఏ తాళంలో పాట ఉందో అందులోనే ఉండి, సరిగ్గా ఆవృత్తం నిండేచోట పూర్తయి, తర్వాతి ఆవృత్తం మొదటి దెబ్బ మీద పాటను అందించాలి. ఆ మొదటి దెబ్బను సమం అంటారు. జతి చివర ఒకే ముక్క మూడుసార్లు వచ్చి ముగుస్తుంది, దాన్ని తీర్మానం అంటారు. చప్పట్లు పడేది అక్కడే. నేను ఇట్లా రాశాను:

తకధిమి తకజణు తకిట తకిట
తధిగిణతోం తధిగిణతోం తధిగిణతోం

మొదటి పాదం పద్నాలుగు, రెండో పాదం ఆరు మూళ్ళు పద్దెనిమిది. మొత్తం ముప్పై రెండు. లెక్క ఇంత శుభ్రంగా కుదిరినందుకు టీ రెండోసారి తాగాను.

హాలులో మరదలు తాళాలు పట్టుకుని జతి పలికింది. మద్దెలాయన వాయించాడు. మూడో తధిగిణతోం అయిపోయింది, కానీ సమం రాలేదు. ఆడుతున్న తండా పిల్ల కాలు లేపి అట్లాగే నిలబడింది, ఎక్కడ పెట్టాలో తెలియక.

"బావా, మూడు మాత్రలు ఎక్కడనో మింగిన్రు" అన్నది మరదలు.

"ఎంచుకో. త, ధి, గి, ణ, నాలుగు లఘువులు. తోం గురువు, రెండు మాత్రలు. ఆరు."

మద్దెలాయన పెద్దమనిషి, హన్మకొండ నుంచి వస్తాడు. నవ్వు ఆపుకుంటూ, "సార్, మీ పద్యంల తోం గురువే కావచ్చు. చెయ్యికి మాత్రం అది ఒక్క దెబ్బనే. తధిగిణతోం అంటే అయిదు. మేం అయిదు లెక్కబెట్టాలంటే ఆ మాటే అంటం" అన్నాడు.

మూడు అయిదులు పదిహేను. పద్నాలుగుతో ఇరవై తొమ్మిది. మూడు తక్కువ. ఛందస్సు తెలియనివాడు ఈ తప్పు చేయనే చేయడు. వాడు చెవితో విని రాసుకునేవాడు. నేను కంటితో లెక్కపెట్టాను. మొదటి పాదంలో ఇంకొక తకిట చేర్చాం, సరిపోయింది. ఆ తర్వాత హాలులో ఎక్కడ ఏ లెక్క తగ్గినా, పాలప్యాకెట్లు ఒకటి తక్కువ వచ్చినా, మరదలు "బావ గురువు మింగిండు" అనడం మొదలుపెట్టింది. ఆడే పిల్ల మాత్రం ఆ మాటకు నవ్వేది కాదు. కాలు గాలిలో ఉండిపోయినప్పటి బెరుకు ఆమె మొహంలో ఇంకా ఉండేది. నేను తప్పు రాస్తే పడేది ఆమె.

ఆరు జతులు అట్లా కుదిరాయి. రూపకతాళంలో ఒకటి, ఏడు మాత్రల మిశ్రచాపులో ఒకటి. తరంగంలో ఆనవాయితీగా ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి పిల్ల ఆడే జతిని అయిదు మాత్రల ఖండచాపులో పెట్టాం. పళ్ళెం జరిగే చప్పుడు కూడా లెక్కలో పడాలి, అందుకని దాన్ని విలంబంలో, నెమ్మది నడకలో, ఉంచమన్నది మరదలు. ఈసారి నాకు లెక్క తప్పలేదు.

ఏడోది, నోరు తెరిచిన తర్వాతి జతి, కుదరలేదు. నోట్లో లోకాలన్నీ కనిపించాయి కాబట్టి లోకాలన్నిటినీ కూరాను. మూడో కాలంలో, అంటే అన్నిటికంటే వేగంగా, దెబ్బకు పదహారు అక్షరాలు. నేను పలకలేను, మరదలు పలికింది. ఆ పిల్ల ఒక్క అక్షరం వదలకుండా ఆడింది. మద్దెలాయన శభాష్ అన్నాడు. మరదలు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"నువ్వు జతి చూపిస్తున్నవ్ బిడ్డా. తల్లి ఏమైందో చూపిస్తలేవ్."

మళ్ళీ ఆడింది. మళ్ళీ అదే మాట. తర్వాతి ఆదివారం కూడా అదే. పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు, ఇంకా వేగంగా ఆడింది. మరదలు నన్ను పక్కకు పిలిచి, "ఈ జతి గిట్లనే ఉంటే నేను దానికి తరగతి ఇయ్యలేను బావా. కాళ్ళు నేర్పే పిల్లలు ఊరికి పదిమంది ఉన్నరు" అన్నది. నాకు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. తిరుగుబస్సు చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు దాటి పరకాల దారి పట్టేదాకా మనసులో పోట్లాడుతూనే ఉన్నాను.

తర్వాతి వారం పిల్ల రిహార్సలుకు రాలేదు. తల్లి రానివ్వలేదట. ఎన్నాళ్ళు ఇట్లా ఊరికే తిరుగుతావు, తేల్చుకో అన్నదట. మరదలు ఫోన్ చేసి, "మీరు పెద్దమనిషి, మీ మాటకు విలువుంటది. పోయి అడగండి" అన్నది. జనగామలో రైలెక్కి మహబూబాబాదులో దిగి, మరిపెడ బస్సెక్కాను. మరిపెడలో పిల్ల స్కూటీ మీద వచ్చి తండాకు తీసుకుపోయింది.

కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. తల్లి తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి కూతురితో వాళ్ళ భాషలో ఏదో అన్నది. కూతురు "యాడీ, ఈ సారే" అన్నది. యాడి అంటే అమ్మ అని నాకు తెలుసు, అంతకు మించి ఆ భాష రాదు. నులకమంచం వాల్చారు. ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. ఇంత దూరం వచ్చి ఏ మర్యాద మాటలు మాట్లాడాలనుకున్నానో అవన్నీ తుమ్ముల్లో పోయాయి.

"సారు, ఈమెకు ఆ కొలువు వస్తదా రాదా?" అని ఆమె సూటిగా అడిగింది.

"ఈ ఆట బాగా ఆడితే వస్తుందమ్మా."

"బాగ ఆడుతలేదా?"

ఆడుతున్నది, నేను రాసిందే కుదరలేదు అని చెప్పాను. అది నిజమే కదా. ఆమె ఏరడం ఆపి, ఏం రాసినవ్ అని అడిగింది. కథ చెప్పాను. పిల్లగాడు మన్ను తిన్నాడు, తల్లి దొరకబట్టి నోరు తెరువమన్నది, తెరిచాడు అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మన్ను తిన్న పోరడు తెరువమంటే తెరుస్తడా? ఇంక గట్టిగ మూస్తడు. గిట్ల పట్టి గుంజాలె."

ఎడమచేత్తో గాలిలో రెండు బుగ్గలు నొక్కిపట్టి, కుడిచేతి చూపుడు వేలు వంచి లోపలికి పోనిచ్చింది. తర్వాత కూతురి వైపు గడ్డంతో చూపించింది.

"ఇది గోడ మన్ను తినేది. పేడ అలికిన గోడ గీకి గీకి. ఒకనాడు వేలు పెడితే కొరికింది. వచ్చిన పండ్లే నాలుగు, అయినా నెత్తురొచ్చింది."

"తీసేశావా వేలు?"

"ఎట్ల తీస్త సారు? తీస్తే మన్ను లోపలికి మింగుతది. కొరికినంత సేపు కొరకనిచ్చిన. అదే అలిసిపోయి ఇడిసింది."

వేలు చూపించింది. రెండో కణుపు దగ్గర తెల్లటి గీత ఉంది. మిరపకాయల కారం పట్టి చుట్టూ ఎర్రగా ఉంది. కూతురు ఆ వేలు వైపు ఎప్పుడూ చూడనట్టు చూసింది. ఈ సంగతి ఆమెకు తెలియదట.  నేను మిరప ఘాటు సాకు చెప్పి నీళ్ళు అడిగాను.

ఆట అయ్యేదాకా పంపిస్తాను, ఆ తర్వాత మాత్రం తేలాలి అన్నది ఆమె. ఆట చూడడానికి తానే వస్తానన్నది. వచ్చేటప్పుడు ఒక సంచి నిండా ఎండుమిర్చి కట్టి ఇచ్చింది. శాలువా కంటే వెయ్యిరెట్లు నయం.

తిరుగురైలులో ఏడో జతిని కొట్టేశాను. ఆ తల్లి లోకాలు చూడడానికి వేలు పెట్టలేదు. మన్ను తీయడానికి పెట్టింది. వేలు లోపల ఉండగా ఆమెకు ఏదో కనిపించింది, అప్పుడు చేస్తున్న పని మరిచిపోయింది. అంటే జతి అక్కడ పెరగకూడదు, తరగాలి. పెరుగుతూ పోయే నడకను ఏరుతో పోలుస్తారు, తరుగుతూ వచ్చేదాన్ని ఆవుతోక అంటారు, మొదట లావు, చివర సన్నం. పుస్తకాల్లో దీన్ని గోపుచ్ఛమంటారని నేనే పాఠం చెప్పాను. ఇట్లా రాశాను:

తకిట తకధిమి
తకధిమి తక
తక తకిట
తకధిమి
తకిట
తక
త

ఏడు, ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తం ఇరవై ఎనిమిది. ఆవృత్తం నిండడానికి ఇంకా నాలుగు మాత్రలు కావాలి, అంటే సరిగ్గా ఒక దెబ్బ. ఆ దెబ్బ ఖాళీ. మద్దెల లేదు, తాళం లేదు, కాలు లేదు. వేలు నోట్లో ఉంటుంది. తర్వాత సమం మీద వేలు బయటికి, పాట మొదలు.

మరదలు కాగితం చూసి, "ఈసారి నాలుగు మింగిన్రా?" అన్నది.

"ఈసారి నేను మింగలేదు. వదిలిపెట్టాను."

చాలాసేపు నోట్లో పలుకుకుంటూ కూర్చున్నది. తీర్మానం లేదు, చప్పట్లు ఎక్కడ పడాలి అన్నది. పడకపోతే పోనీ అన్నాను. "మీకేం బావా, రాసిపోతరు. ఇది దెబ్బతింటే పిల్లకు రాలేదంటరు గని మీకు రాలేదనరు" అన్నది. ఆ మాట నన్ను గుచ్చింది. అయినా పిల్లను అడిగితే, ఇదే ఆడతానన్నది. ఖాళీలో గాయకురాలు తొందరపడకుండా మరదలు ఒక ఏర్పాటు చేసింది. వేలు బయటికి వచ్చేదాకా పాట ఎత్తుకోవద్దు, కన్ను ఆ చేతి మీదనే ఉంచాలి అని.

భూపాలపల్లిలోనే ప్రదర్శన. హాలు నిండింది. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినవాళ్ళు, క్వార్టర్ల ఆడవాళ్ళు, బలవంతాన తెచ్చిన పిల్లలు. తండా నుంచి వచ్చిన తల్లి మూడో వరసలో, నా పక్కన కూర్చున్నది. ఆరు పాటలు, ఆరు జతులు చక్కగా సాగాయి. ఇత్తడి పళ్ళెం దగ్గర ఈలలు కూడా వేశారు. వెన్నదొంగ వేషం కట్టిన క్వార్టర్ల చిన్నపిల్ల ఒకచోట తలపాగా ఊడి మళ్ళీ పెట్టుకున్నది, అందరూ నవ్వారు.

ఏడో పాట. నోరు తెరువరా అని పాడుతుంటే, తల్లి వేషంలోని పిల్ల ఒకసారి బతిమాలింది, ఒకసారి బెదిరించింది. చిన్నది మూతి బిగించింది. అప్పుడు ఎడమచేత్తో బుగ్గలు నొక్కిపట్టి, వేలు వంచి లోపలికి పెట్టింది. నా పక్కన కూర్చున్న ఆమె చిన్నగా గొంతు సవరించుకుంది. జతి మొదలైంది. ఏడు, ఆరు, అయిదు. మరదలి తాళాలు సన్నబడుతూ వచ్చాయి. తకిట. తక. త.

ఖాళీ. నేను తొడ మీద వేళ్ళతో నాలుగు ఎంచాను. సమం వచ్చింది. వేలు బయటికి రాలేదు.

గాయకురాలు నోరు తెరిచి, చేయి చూసి, ఆగిపోయింది. మద్దెలాయన చేతులు మద్దెలకు బెత్తెడు పైన నిలిచాయి. పిల్ల కదలడం లేదు. వేలు చిన్నదాని నోట్లోనే ఉంది, మొహం మాత్రం మారుతోంది. మన్ను కోసం వెతికే చూపు పోయి, ఎక్కడ ఉన్నదో తెలియని చూపు వచ్చింది. నాకు భయమేసింది. మరిచిపోయింది, అయిపోయింది, తరగతి పోయింది అనుకున్నాను. నా ఖాళీ వల్లనే పోయింది అని కూడా అనుకున్నాను. మరదలి వైపు చూస్తే, ఆమె తాళాలు ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో మోకాలి మీద చప్పుడు కాకుండా దెబ్బలు వేస్తున్నది. రెండు, మూడు, నాలుగు.  అయిదు, ఆరు. నా పక్కన ఆమె కుడిచేతి వేలిని ఎడమ పిడికిట్లో పట్టుకుని ఉంది. ఏడు, ఎనిమిది. సరిగ్గా తర్వాతి సమం మీద వేలు బయటికి వచ్చింది. గాయకురాలి గొంతు, మద్దెల, గజ్జెలు మూడూ ఒకేచోట పడ్డాయి.

చప్పట్లు ఆట పూర్తిగా ముగిసిన తర్వాతనే పడ్డాయి. జతికి పడలేదు.

తెర వెనక మరదలు పిల్లను నిలబెట్టి కడిగింది. "రాసింది ఒక్క దెబ్బ. నువ్వు ఆవృత్తం మొత్తం నిలబడ్డవ్. మద్దెలాయన పరేషాన్, పాడే ఆమె పరేషాన్, నా పానం పోయింది. ఎందుకు తీయలే?"

పిల్ల తలవంచుకుని, "యాడి తీయలే మేడం" అన్నది.

మరదలికి ఆ కొరికిన సంగతి నేను చెప్పి ఉన్నాను. ఆమె గజ్జెలు విప్పుకొమ్మని చెప్పి, తన తాళాల జతను పసుపుబట్టలో చుట్టింది. ఆ తాళాలు ఆమెకు ఆమె గురువు ఇచ్చినవి. చుట్టడం అయ్యాక పిల్ల చేతిలో పెట్టింది.

"తప్పు తప్పే. గని తాళం ఎక్కడ ఉన్నదో నీ కడుపుకు ఎర్కే. మానుకోటల తరగతి పెట్టుకో. పిల్లలకు మాత్రం గిట్ల నేర్పకు."

పిల్ల ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. తల్లి గుమ్మం దగ్గర నుంచి నన్ను, "ఇచ్చిందా సారు?" అని అడిగింది. ఇచ్చిందమ్మా అన్నాను. అక్కడే నిలబడి భర్తకు ఫోన్ చేసింది. వాళ్ళ భాష నాకు రాదు. హైదరాబాదు అన్న మాట ఒక్కటి పట్టింది. ఆ మాట అంటూ ఆమె తల అడ్డంగా ఊపింది, ఫోన్‌లో అవతలివాడికి కనిపిస్తుందన్నట్టు.

నాలుగు నెలల క్రితం మహబూబాబాదులో పనిబడి పోయినప్పుడు ఆ తరగతికి వెళ్ళాను. స్టేషన్‌కు దగ్గరలో ఒక మేడ మీద గది. పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు, సగం తండాల వాళ్ళే. ఆ తండా పిల్ల, ఇప్పుడు వాళ్ళ మేడం, ఏడో జతి నేర్పుతున్నది. ఒక చిన్నపిల్ల ఖాళీలో వేలు తీయకుండా నిలబడింది. ఆమె కర్రతో నేల మీద టక్కున కొట్టింది.

"నాలుగే. నాలుగు మాత్రలయినంక వేలు తియ్యాలె."

"మన్ను రాకపోతే మేడం?" అన్నది ఆ పిల్ల.

కర్ర ఒక క్షణం గాలిలో ఆగింది.

"రాకపోయినా తియ్యాలె" అన్నది ఆమె. నా వైపు మాత్రం చూడలేదు.